లిఫ్టులు, మోటార్లు, కారిడార్ లైట్లకు సోలార్: 12 కిలోవాట్ల కొటేషన్ వచ్చింది, లెక్క చూసి చెప్పండి

వేదాయపాలెం సెక్రటరీ
అందరికీ నమస్కారం. నెల్లూరు వేదాయపాలెంలో మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, 40 ఫ్లాట్లు. అసోసియేషన్ పేరు మీద లిఫ్టులు, నీళ్ల మోటార్లు, కారిడార్ లైట్లకు సోలార్ పెట్టాలని ప్రతిపాదన తయారు చేస్తున్నాను. వచ్చే ఆదివారం మీటింగ్. అందరూ ప్రశ్నలు వేస్తారు కాబట్టి ముందే ఇక్కడ లెక్కలు పెడుతున్నాను, తప్పులుంటే దిద్దండి.

కామన్ మీటర్‌కు నెలకు సుమారు 1,400 యూనిట్లు అవుతున్నాయి. ఏది ఎంత తాగుతోందో తెలియక రెండు వారాలు వాచ్‌మన్‌తో టైములు రాయించాను. 5 హెచ్‌పీ బోరు మోటారు రోజుకు 3 గంటలు, సంపు నుంచి పై ట్యాంకుకు ఎక్కించే 3 హెచ్‌పీ మోటారు 2 గంటలు తిరుగుతున్నాయి. రెండూ కలిపి నెలకు 575 యూనిట్ల దాకా వస్తోంది. రెండు లిఫ్టులకు సుమారు 400. మిగతా 425 కారిడార్లు, పార్కింగ్, గేటు లైట్లు, సీసీ కెమెరాలవి.

బిల్లులో ఎనర్జీ చార్జీ ఒక్కటే 12,300 రూపాయల దగ్గర ఉంది. ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకుంటే, దేశీయ సెల్స్‌తో చేసిన ప్యానెళ్లు, ఎత్తు స్ట్రక్చర్ కలిపి కిలోవాట్‌కు 60 వేల దగ్గర తేలింది. ముగ్గురూ 12 కిలోవాట్లు పెట్టమంటున్నారు. మొత్తం 7.2 లక్షలు. పీఎం సూర్యఘర్ కింద అసోసియేషన్లకు కిలోవాట్‌కు 18 వేలు సబ్సిడీ, అంటే 2.16 లక్షలు తిరిగి వస్తుంది. నికరంగా 5.04 లక్షలు. నెలకు 12,300 మిగిలితే మూడున్నరేళ్లలోపే పెట్టుబడి తిరిగొస్తుందని చెబుతున్నారు. ఇందులో నేను గమనించనిది ఏమైనా ఉందా?

బాలాజీనగర్ రవి
చాలా మంచి పని సెక్రటరీ గారూ. నాకో సందేహం. ఇంటికి 78 వేలు సబ్సిడీ అని విన్నాను కదా. 40 ఫ్లాట్లకు 78 వేల చొప్పున లెక్కేస్తే 31 లక్షలు అవుతుంది. మీరు 2 లక్షలకే ఎందుకు సరిపెట్టుకుంటున్నారు?

విశ్రాంత ఏఈ
రవీ, ఆ 78 వేలు వేరు. ఒక ఇంటాయన తన సొంత సర్వీసు మీద 3 కిలోవాట్లు లేదా ఎక్కువ పెట్టుకుంటే వచ్చే గరిష్ఠ మొత్తం అది. అసోసియేషన్ కామన్ మీటర్‌కు కిలోవాట్‌కు 18 వేలే. సెక్రటరీ గారు వేసిన లెక్క సరైనదే.

సెక్రటరీ గారూ, మీ కొటేషన్‌లో నాకు కనిపించిన లోపం సబ్సిడీలో కాదు, 12 అనే సంఖ్యలో. మీ మీటర్ డొమెస్టిక్ కేటగిరీలో ఉందా, కమర్షియల్‌లోనా? బిల్లు మీద స్లాబులు చూసి చెప్పండి.

వేదాయపాలెం సెక్రటరీ
డొమెస్టిక్ అండి. మా బిల్డింగులో షాపులు లేవు. మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆ పైన 9.75.

విశ్రాంత ఏఈ
అదే నేను చెప్పాలనుకున్నది. మీ 1,400 యూనిట్లలో మొదటి 400కు మీరు కట్టేది దాదాపు 2,550 రూపాయలే. మిగతా వెయ్యికి 9,750. సోలార్ యూనిట్లు బిల్లును పైనుంచి తగ్గించుకుంటూ వస్తాయి. అంటే మొదట పెట్టే ప్యానెల్ మీకు యూనిట్‌కు 9.75 మిగిలిస్తుంది. చివర పెట్టే ప్యానెల్ 1.90, 3.00 రేటు యూనిట్లను తగ్గిస్తుంది. ప్యానెల్ ధర మాత్రం రెంటికీ ఒకటే.

మన నెల్లూరు ఎండకు ఒక కిలోవాట్ నెలకు సగటున 120 యూనిట్లు ఇస్తుందని పెట్టుకోండి. ఏప్రిల్‌లో ఇంకా ఎక్కువ, నవంబరు వానల్లో బాగా తక్కువ. 8 కిలోవాట్లు పెడితే 960 యూనిట్లు. అవన్నీ 9.75 రేటువే, నెలకు 9,360 మిగులుతుంది. సబ్సిడీ పోను ఖర్చు 3.36 లక్షలు, సరిగ్గా మూడేళ్లు. 8 నుంచి 10కి వెళ్తే అదనంగా నెలకు 2,070 మిగులుతుంది. దానికి అదనపు ఖర్చు 84 వేలు, మూడున్నరేళ్లు కూడా పట్టదు. బాగానే ఉంది. 10 నుంచి 12కి వెళ్తే మాత్రం మళ్లీ అదే 84 వేలు పెట్టి నెలకు 867 రూపాయలే మిగులుతాయి. ఆ చివరి రెండు కిలోవాట్ల డబ్బు తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు. సగటు లెక్కలో ఇది కనపడదు. అందుకే ముగ్గురూ మీకు సగటే చూపించారు.

ఇంకొకటి. 10 కిలోవాట్ల దాకా దరఖాస్తుకు సాంకేతిక సాధ్యాసాధ్యాల పరిశీలన అక్కర్లేదని 2024లో కేంద్రం నిబంధన మార్చింది. 12 పెడితే ఆ దశ కూడా దాటాలి.

దర్గామిట్ట పద్మ
ఏఈ గారూ, చాలా స్పష్టంగా చెప్పారు. మేం మాత్రం సోలార్ కంటే ముందు లైట్ల మీద పడ్డాం. మా కారిడార్లలో అర్ధరాత్రి రెండు గంటలకు కూడా అన్ని అంతస్తులూ పెళ్లింటిలా వెలుగుతుండేవి. సగం లైట్లకు మనిషి వస్తేనే వెలిగే సెన్సార్లు పెట్టించాం, మెట్ల దగ్గర మాత్రం ఒక లైటు ఎప్పుడూ ఉంటుంది. లైట్ల యూనిట్లు మూడో వంతుకు పైగా తగ్గాయి. సెక్రటరీ గారూ, మీకు కూడా 150 యూనిట్లు తగ్గితే అది ఒకటింపావు కిలోవాట్ల సోలార్‌తో సమానం కదా. సెన్సార్లకు 20 వేలు అయినా ప్యానెళ్ల కంటే చవకే.

విశ్రాంత ఏఈ
పద్మమ్మా, నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. 1,400 కాస్తా 1,250 అయితే, 8 కిలోవాట్లు పెట్టాక మీటర్ మీద మిగిలేది 290 యూనిట్లు, ఎనర్జీ చార్జీ 1,586 రూపాయలు. సెన్సార్లు లేకుండా 10 పెడితే మిగిలేది 867. తేడా నెలకు 720 లోపే, కానీ మొదటి పద్ధతిలో ఖర్చు 64 వేలు తక్కువ. నేనైతే ముందు సెన్సార్లు, తర్వాత 8 అంటాను. ఎలక్ట్రిక్ బండ్లు ఎక్కువ మంది కొనబోతున్నారని, చార్జింగ్ కామన్ మీటర్ మీదే పెడతారని అనుకుంటే 10కి వెళ్లండి.

మూలాపేట కిషోర్
ఒక్క మాట. సోలార్ పెట్టాక మోటార్లు తెల్లవారుజామున కాకుండా మధ్యాహ్నం 11 నుంచి 2 మధ్య వేయాలి. లేకపోతే సోలార్ కరెంటంతా వృథాగా బయటికి పోతుంది, మోటారుకు గ్రిడ్ కరెంటు డబ్బు కట్టాల్సి వస్తుంది. అపార్ట్‌మెంట్లలో చేసే పెద్ద పొరపాటు ఇదే.

విశ్రాంత ఏఈ
కిషోర్, సగం సరే. నెట్ మీటర్ ఉంటే మధ్యాహ్నం బయటికి వెళ్లిన యూనిట్ వృథా కాదు. రాత్రి లైట్లు తీసుకున్న యూనిట్‌తో అది చెల్లుకు చెల్లు. కారిడార్ లైట్లు రాత్రే వెలుగుతాయి కాబట్టి అసలు ఈ ప్రతిపాదన నిలబడేదే నెట్ మీటర్ మీద. బిల్లు కోసం మోటారు టైము మార్చాల్సిన పని లేదు.

మీరు చెప్పినదానిలో నిజమైన సగం వేరే చోట ఉంది. మంచి ఎండలో బిల్డింగులో లోడు లేకపోతే కరెంటంతా లైను మీదికి తోస్తుంది, అక్కడ వోల్టేజీ పెరుగుతుంది. పరిమితి దాటితే ఇన్వర్టర్ తనంతట తాను ఆగుతుంది, కొన్ని నిమిషాల తర్వాత మళ్లీ మొదలవుతుంది. రోజూ మధ్యాహ్నం ఉత్పత్తి గ్రాఫ్ కొండలాగా కాకుండా రంపం పళ్లలాగా కనిపిస్తే కారణం ఇదే కావచ్చు. అలాంటి చోట మధ్యాహ్నం బోరు వేస్తే ఉపయోగం ఉంటుంది.

పొదలకూరు రోడ్డు భాస్కర్
మా అమ్మ మోకాళ్ల నొప్పులతో నాలుగో అంతస్తులో ఉంటుంది. కరెంటు పోతే లిఫ్టు ఆగి లోపల ఇరుక్కుంటుందని ఆమెకు రోజూ టెన్షన్. సోలార్ పెడితే పగటిపూట కరెంటు పోయినా లిఫ్టు నడుస్తుంది కదా? 8 కిలోవాట్ల ఇన్వర్టర్ 5 హెచ్‌పీ లిఫ్టు మోటారును స్టార్ట్ చేయగలదా?

విశ్రాంత ఏఈ
భాస్కర్, ఈ సంగతి మీటింగులో అందరికీ ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత గొడవలవుతాయి. బ్యాటరీ లేని ఈ సోలార్, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. ఎండ మండిపోతున్నా సరే. స్తంభం మీద లైన్‌మన్ పని చేస్తుంటే కింద నుంచి మన సోలార్ కరెంటు లైనులోకి వెళ్లకూడదు, అందుకే అలా తయారు చేస్తారు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు లైనులో కరెంటు ఆపి పని చేసే ప్రతి లైన్ క్లియర్‌కూ మావాళ్ల ప్రాణాలు తీగ మీద ఉంటాయని తెలుసు కాబట్టి ఈ నియమం విలువ నాకు బాగా తెలుసు.

లిఫ్టు స్టార్టింగ్ గురించి బెంగ వద్దు. కరెంటు ఉన్నప్పుడు ఆ కుదుపు గ్రిడ్ భరిస్తుంది, ఇన్వర్టర్ కాదు. అమ్మగారి కోసం కావాల్సింది లిఫ్టుకు ఉండే రెస్క్యూ బ్యాటరీ పరికరం. కరెంటు పోగానే దగ్గరి అంతస్తుకు తెచ్చి తలుపు తీస్తుంది. మీ లిఫ్టుకు ఉందో లేదో, దాని బ్యాటరీ చివరిసారి ఎప్పుడు మార్చారో మెయింటెనెన్స్ వాళ్లను అడగండి.

వేదాయపాలెం సెక్రటరీ
ఏఈ గారూ, మాకు 25 కేవీఏ జనరేటర్ ఉంది. కరెంటు పోతే లిఫ్టు, లైట్లు దాని మీదికి వెళ్తాయి. జనరేటర్ నడిచేటప్పుడు సోలార్ కూడా కలిస్తే డీజిల్ తగ్గుతుందని ఒక కొటేషన్‌లో రాశారు.

విశ్రాంత ఏఈ
ఆ కొటేషన్ ఇచ్చినాయనతో జాగ్రత్త. జనరేటర్ కరెంటును చూసి ఇన్వర్టర్ గ్రిడ్ వచ్చిందనుకుని కలుస్తుంది. ఆ సమయంలో లిఫ్టు కదలడం లేదు, లైట్లు కెమెరాలు కలిపి ఒకటిన్నర కిలోవాట్ల లోడే ఉంది, పైన సోలార్ 6 కిలోవాట్లు ఇస్తోంది అనుకోండి. మిగిలిన నాలుగున్నర ఎక్కడికి వెళ్లాలి? జనరేటర్‌లోకి తోస్తుంది. వోల్టేజీ పెరుగుతుంది, ఆల్టర్నేటర్ కాలే ప్రమాదం, లిఫ్టు కంట్రోల్ బోర్డులు పోయే ప్రమాదం. రెంటినీ కలిపి నడిపే కంట్రోలర్ ఉంటుంది, కానీ మీ సైజుకు ఆ ఖర్చు దండగ.

తేలిక మార్గం ఒకటే. సోలార్ కేబుల్‌ను, గ్రిడ్ నుంచి జనరేటర్‌కు మార్చే చేంజోవర్ స్విచ్‌కు గ్రిడ్ వైపున కలపాలి, లోడు వైపున కాదు. అప్పుడు జనరేటర్ మీదికి మారగానే సోలార్ దానంతట అది వేరుపడుతుంది. పని అయ్యాక పట్టపగలు మెయిన్ ఆపి జనరేటర్ వేయించి చూడండి. ఇన్వర్టర్ డిస్‌ప్లే మీద ఉత్పత్తి సున్నా కావాలి. కాకపోతే చివరి బిల్లు కట్టొద్దు.

ఒంగోలు మంగమూరు రోడ్డు
సెక్రటరీ గారూ, మా అనుభవం రాస్తాను, మీకు పనికొస్తుంది. మా అపార్ట్‌మెంట్‌కు నిరుడు 10 కిలోవాట్లు పెట్టించాం. ప్యానెళ్లు బిగించడం వారంలో అయిపోయింది. నెట్ మీటర్ రావడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. ఈలోగా కాంట్రాక్టర్ ‘ఖాళీగా ఎందుకు ఉంచడం, ఆన్ చేద్దాం’ అన్నాడు, మేం సరేనన్నాం. ఆ నెల బిల్లు తగ్గాల్సింది పోయి పెరిగింది! పాత మీటర్ బయటికి వెళ్లిన యూనిట్లను కూడా మేం వాడినట్టే లెక్కపెట్టింది. మధ్యాహ్నం బిల్డింగులో వాడకం లేదు కాబట్టి ఉత్పత్తి చేసినదంతా మా నెత్తినే పడింది. తిరిగి చూసుకుంటే అనుమతి లేకుండా ఆన్ చేసిన తప్పు మాదే, అందుకే ఎక్కడా అడగలేకపోయాం. నెట్ మీటర్ బిగించి ఆఫీసు వాళ్లు ఒప్పుకునేదాకా స్విచ్ ముట్టుకోవద్దు.

ఇంకోటి, మా కామన్ మీటర్ అప్పటికీ బిల్డర్ పేరు మీదే ఉంది. సబ్సిడీ దరఖాస్తు దగ్గర ఆగిపోయి, పేరు మార్చడానికే ఇరవై రోజులు పట్టింది.

వేదాయపాలెం సెక్రటరీ
అయ్యో, మా బిల్లు ఇప్పుడే తీసి చూశాను. మాదీ బిల్డర్ పేరు మీదే ఉంది. తొమ్మిదేళ్లుగా ఎవరూ పట్టించుకోలేదు. చాలా ధన్యవాదాలండి, సోమవారమే ఆ పని మొదలుపెడతాను.

ఐదో అంతస్తు శారద
నేను సెక్రటరీ గారి బిల్డింగులోనే పై అంతస్తులో ఉంటాను. సోలార్‌కు నేను వ్యతిరేకం కాదు. కానీ పోయినేడు 60 వేలు పెట్టి టెర్రస్‌కు వాటర్‌ప్రూఫింగ్ చేయించాం. ఇప్పుడు స్ట్రక్చర్ కోసం స్లాబులో బోల్టులు దింపితే మళ్లీ మా పడకగదిలో కారుతుంది. కాంక్రీటు దిమ్మలు పోసి వాటి మీద నిలబెట్టండి, డ్రిల్లింగ్ వద్దు. వడియాలు, బట్టలు ఆరేసుకునే చోటు కూడా ఉండాలి.

విశ్రాంత ఏఈ
శారదమ్మా, మీ భయం న్యాయమైనది. అయితే గాలి లెక్క కూడా చూడాలి. మన నెల్లూరుకు భవన నిర్మాణ ప్రమాణాల్లో గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలికి చదరపు మీటరు మీద 150 కిలోల ఒత్తిడి వస్తుంది. 550 వాట్ల ప్యానెల్ రెండున్నర చదరపు మీటర్లకు పైనే ఉంటుంది. ఒక్కొక్క ప్యానెల్‌ను దాదాపు 390 కిలోల బలంతో గాలి పైకి లాగగలదు, అసలు ప్యానెల్ బరువు 30 కిలోల దగ్గరే ఉంటుంది. 8 కిలోవాట్లకు 15 ప్యానెళ్లు. ఉత్త దిమ్మల బరువుతో ఆపాలంటే ఆరు టన్నుల దాకా కాంక్రీటు కావాలి. కింద నడిచేలా ఎత్తుగా పెడితే ఇంకా జాగ్రత్త పడాలి.

ఐదో అంతస్తు శారద
అయితే స్లాబు మీద ఆరు టన్నులు పెట్టినా భయమే, బోల్టులు దింపినా భయమే. మరి దారేంటి సార్?

మాగుంట లేఅవుట్ సివిల్
అమ్మా, నేను కట్టడాల పని చేస్తాను. స్లాబు మధ్యలో కాకుండా కింద కాలమ్స్ ఉన్న చోట, బీముల మీదుగా పెడెస్టల్స్ కట్టి, వాటికి కింద కడ్డీలు అతికించి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ తిరిగి చేస్తే లీకేజీ రాదు. కానీ ఇది కొటేషన్‌లో ఉండదు. ‘స్ట్రక్చర్’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు. ఎన్ని పెడెస్టల్స్, ఎక్కడ, ఎవరు సంతకం చేస్తారు అని రాతపూర్వకంగా అడగండి. ఇనుము హాట్ డిప్ గాల్వనైజ్డ్ ఉండాలి, సముద్రపు గాలికి రంగు వేసిన ఇనుము నాలుగేళ్లు నిలవదు.

విశ్రాంత ఏఈ
పెడెస్టల్స్ సంగతి సివిల్ గారు చెప్పినట్టే. ట్యాంకు నీడ, లిఫ్టు గది నీడ కూడా చూడండి. ఉదయం 9, మధ్యాహ్నం 12, సాయంత్రం 4కు నీడ ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో గీయించండి. వరుసలో ఒక ప్యానెల్ మీద నీడ పడితే మిగతావాటి ఉత్పత్తి కూడా తగ్గవచ్చు.

మూలాపేట కిషోర్
ప్యానెళ్లు కడగడం మర్చిపోవద్దు. మా చుట్టాలింట్లో ఉప్పు బోరు నీళ్లతో కడిగారు, ఎండకు తెల్ల చారలు కట్టి పోలేదు. మున్సిపాలిటీ నీళ్లు వాడండి.

గ్రౌండ్ ఫ్లోర్ 003
నేనూ ఇదే బిల్డింగు. నేను లిఫ్టు ఎక్కను, మా ఫ్లాటు ముందు ఒక్క లైటే. అందరితో సమానంగా నేనెందుకు కట్టాలి? పైగా నేను అద్దెకిచ్చాను, లాభం అద్దెకున్నవాళ్లకు పోతుంది.

వేదాయపాలెం సెక్రటరీ
మీ మాట కొట్టిపారేయను. 8 కిలోవాట్లకు సెన్సార్లతో కలిపి ముందుగా 5 లక్షలు కావాలి, సబ్సిడీ పని పూర్తయ్యాకే వస్తుంది కాబట్టి. ఫ్లాటుకు 12,500. సబ్సిడీ 1.44 లక్షలు వచ్చాక 3,600 తిరిగి ఇస్తాం, నికరంగా 8,900 పడుతుంది. ఇప్పటిదాకా కామన్ బిల్లు అందరూ సమానంగానే కడుతున్నారు, అందులోనూ లిఫ్టు ఉంది. అయినా మీటింగులో ఓటు పెడతాను. వాటా ఎలా పంచాలో నేనొక్కడినే తేల్చను.

గ్రౌండ్ ఫ్లోర్ 003
ఓటు పెడితే వస్తాను. కానీ ఓనర్ కట్టి, మెయింటెనెన్స్ తగ్గింపు అద్దెదారుకు ఇవ్వడం నాకు ఇంకా సమ్మతం కాదు.

దర్గామిట్ట పద్మ
మా దగ్గర నెలవారీ మెయింటెనెన్స్ తగ్గించలేదండి. మిగిలిన డబ్బు లిఫ్టు తాడు మార్పిడి, రంగుల కోసం నిధిలో వేస్తున్నాం. అప్పుడు ఆ ఖర్చు ఓనర్ల మీద పడదు. చూడండి, మీకు నచ్చితే.

వేదాయపాలెం సెక్రటరీ
అది మీటింగులో చెబుతాను పద్మ గారూ. ప్రతిపాదన మార్చి రాశాను: ముందు సెన్సార్లు, ఆ నెల బిల్లు చూసి 8 లేదా 10, చేంజోవర్‌కు గ్రిడ్ వైపు కనెక్షన్, పెడెస్టల్ డ్రాయింగు లేకుండా అడ్వాన్సు లేదు. మాగుంట లేఅవుట్ గారూ, ఆదివారం ఉదయం ఒకసారి వచ్చి మా బీములు ఎక్కడున్నాయో చూసి చెప్పగలరా?

మాగుంట లేఅవుట్ సివిల్
వస్తాను. పాత ప్లాన్ కాపీ తీసి ఉంచండి, లేకపోతే బిల్డర్ దగ్గర అడిగి పెట్టండి. మీటర్ పేరు మార్పుకు ఎలాగూ ఆయన సంతకం కావాల్సి రావచ్చు.

ఐదో అంతస్తు శారద
టెర్రస్ తాళం నా దగ్గరే ఉంది. ఎనిమిదింటికి తీస్తాను, నీడ గీయడానికి సుద్దముక్కలు కూడా తెచ్చిపెడతాను.